34 ఏళ్లవాడి 401కెలో 55 ఏళ్లవాడి పోర్ట్‌ఫోలియో: ఒక కేసు మొత్తంగా

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఫైనాన్షియల్ ప్లానింగ్ చేస్తుంటాను. కమీషన్లు లేవు, గంటల లెక్కన ఫీజు. వచ్చేవాళ్లలో చాలామంది మనవాళ్లే, ముప్పైల్లో ఉన్నవాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు. ఈ కేసు అలాంటి ఒక జంటది. వాళ్లను గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను, కానీ లెక్కల తీరు మార్చలేదు.

అతనికి 34, హెచ్1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమెకు 33, ఒక హాస్పిటల్ గ్రూపులో డేటా అనలిస్టు. 2025 నవంబర్‌లో వచ్చారు. వచ్చింది ఇల్లు కొనడం గురించి మాట్లాడడానికి. 401కె, అంటే జీతంలోంచి కట్ అయ్యి కంపెనీ ప్లాన్‌లో చేరే రిటైర్మెంట్ డబ్బు గురించి అడిగితే అతను ఒక్క మాటలో తేల్చేశాడు: "అది ఓకే అన్నా, టార్గెట్ డేట్ ఫండ్‌లో పెట్టేశాను, నాలుగు రకాలుగా డైవర్సిఫై కూడా చేశాను." ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో వినపడితే నేను స్టేట్‌మెంట్ అడుగుతాను. టార్గెట్ డేట్ ఫండ్ పెట్టుకున్నవాడు ఇంకా నాలుగు రకాలు పెట్టాల్సిన పని ఉండకూడదు.

ముందు ఈ ఫండ్ ఏం చేస్తుందో రెండు మాటల్లో. పేరులో ఒక సంవత్సరం ఉంటుంది, 2055 అనో 2060 అనో. ఆ సంవత్సరం చుట్టూ రిటైరయ్యేవాళ్ల కోసం షేర్లు ఎంత, బాండ్లు ఎంత అన్నది ఫండే నిర్ణయించి, ఏళ్లు గడిచేకొద్దీ షేర్లు తగ్గించి బాండ్లు పెంచుకుంటూ పోతుంది. ఆ తగ్గే దారిని గ్లైడ్ పాత్ అంటారు. వ్యాన్‌గార్డ్ అనే ఫండ్ కంపెనీ వాళ్లది తీసుకుంటే సుమారు 40 ఏళ్లు వచ్చేదాకా 90 శాతం షేర్లు, అక్కణ్నుంచి మెల్లగా దిగుతూ 65కి సగం షేర్లు సగం బాండ్లు, ఆ తర్వాత ఇంకో ఏడేళ్లకు షేర్లు 30 శాతానికి వచ్చి ఆగుతాయి. ఆ 90లో కూడా సుమారు 54 అమెరికా షేర్లు, 36 బయటిదేశాల షేర్లు. 2006లో పెన్షన్ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చాక, ఉద్యోగి ఏమీ ఎంచుకోకపోతే కంపెనీ అతని డబ్బును ఇలాంటి ఫండ్‌లో వేసేందుకు చట్టపరమైన రక్షణ దొరికింది. అందుకే ఈరోజు కొత్తగా చేరిన చాలామందికి పుట్టిన సంవత్సరాన్ని బట్టి, 65కి రిటైరవుతారనుకుని, ఒక టార్గెట్ డేట్ ఫండ్ దానంతటదే వచ్చి పడుతుంది. 1991లో పుట్టిన ఇతనికి 2055 వచ్చింది. అంతవరకూ సరిగ్గానే ఉంది. తర్వాత చేతులు పెట్టాడు.

స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఇది. మొత్తం లక్షా 20 వేల డాలర్లు. 2055 ఫండ్‌లో 32 వేలు. అమెరికా పెద్ద కంపెనీల షేర్లుండే ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్‌లో 36 వేలు, ఆఫీసులో అందరూ అదే బాగా పెరుగుతోందన్నారని. 2030 ఫండ్‌లో 24 వేలు. ఇది ఎందుకని అడిగితే, "కొంచెం సేఫ్‌గా ఉంటుందని" అన్నాడు. మిగిలిన 28 వేలు స్టేబుల్ వాల్యూ ఫండ్‌లో, అంటే అసలు తగ్గకుండా మూడు శాతం చుట్టూ వడ్డీ ఇచ్చేదాంట్లో.

ఇక్కడ కాగితం తీసుకుని ఒక్కో ఫండ్ లోపల షేర్లు ఎన్నో విడగొట్టాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, ఫండ్ ఫ్యాక్ట్ షీట్‌లో ఆ శాతం ఉంటుంది. 2055లో 90 శాతం కాబట్టి 32 వేలలో 28,800. ఎస్ అండ్ పీ మొత్తం షేర్లే, 36 వేలు. 2030 ఫండ్‌కి ఇంక అయిదేళ్లే మిగిలింది కాబట్టి అందులో షేర్లు సుమారు 60 శాతం, 14,400. స్టేబుల్ వాల్యూలో సున్నా. కలిపితే 79,200. లక్షా 20 వేలలో అది 66 శాతం.

ఇప్పుడు అదే కంపెనీ గ్లైడ్ పాత్ మీద 66 శాతం ఎక్కడ పడుతుందో చూపించాను. రిటైర్మెంట్‌కి పదేళ్లున్నప్పుడు, అంటే 55 ఏళ్ల మనిషికి. నాలుగు ఫండ్లు కలిపి అతను తయారుచేసుకున్నది దాదాపు ఒక 2035 ఫండ్, అదీ సంవత్సరాలతోపాటు సరిగ్గా మారని 2035 ఫండ్. ఎందుకంటే డబ్బులో సగం పైనే ఎస్ అండ్ పీలోనూ స్టేబుల్ వాల్యూలోనూ ఉంది, ఆ రెండూ అతని వయసేంటో పట్టించుకోవు.

అతను ఊరికే ఒప్పుకోలేదు. "అన్నా, వందలోంచి వయసు తీసేస్తే షేర్ల శాతం వస్తుందంటారు కదా, 66 కరెక్టే కదా" అన్నాడు. నిజమే, వంద మైనస్ 34 అంటే 66. ఆ పాత లెక్క తప్పని కాదు గానీ, దానికి ఒక్క వయసు తప్ప ఇంకేమీ తెలియదు. ముప్పైల్లో ఉన్నవాడి అసలు ఆస్తి అకౌంట్లో ఉన్న లక్షా 20 వేలు కాదు, ఇంకా ముప్పై ఏళ్లు సంపాదించబోయే జీతం. అది నెలనెలా వస్తుంది, షేర్ మార్కెట్ పడ్డంత మాత్రాన సగమైపోదు, అంటే కొంతవరకు బాండు లాంటిదే. అంత పెద్ద బాండు చేతిలో ఉన్నవాడు చిన్న అకౌంట్లో షేర్లు ఎక్కువ పెట్టుకోవచ్చన్నదే ఆ 90 శాతం వెనక ఉన్న తర్కం. వయసు పెరిగేకొద్దీ రాబోయే జీతం తరిగిపోతుంది, అకౌంటు పెరుగుతుంది, కాబట్టి షేర్లు తగ్గించాలి. టార్గెట్ డేట్ ఫండ్ ఈ మార్పును మనకు గుర్తుండే అవసరం లేకుండా చేస్తుంది.

అయితే ఈ తర్కంలో ఒక చిల్లు ఉంది, మనవాళ్ల విషయంలో మరీనూ. హెచ్1బీ మీద ఉన్న టెక్ ఉద్యోగి జీతం నిజంగా బాండులాంటిదేనా? ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి. లేఆఫ్‌లు వచ్చేది కూడా తరచుగా మార్కెట్ పడినప్పుడే. పైగా ఇతని చేతిలో కంపెనీ ఇచ్చిన షేర్లు కూడా ఉన్నాయి, అవీ టెక్కే. జీతమూ, కంపెనీ షేర్లూ, ఎస్ అండ్ పీలో సగానికి దగ్గరగా ఉన్న పెద్ద టెక్ కంపెనీలూ ఒకేసారి కిందకి చూస్తే ఎలా ఉంటుందో అతనికి ముందే ఒకసారి రుచి తగిలింది. ఆ సంగతి స్టేబుల్ వాల్యూలో ఉన్న 28 వేల వెనక ఉంది.

2025 ఏప్రిల్ మొదటి వారంలో ట్రంప్ టారిఫ్‌ల ప్రకటన తర్వాత నాలుగు ట్రేడింగ్ రోజుల్లో ఎస్ అండ్ పీ సుమారు 12 శాతం పడింది. ఆ వారం టెన్షన్‌తో ఇతను 2055 ఫండ్‌లోంచి 15 వేలు తీసి స్టేబుల్ వాల్యూలో పెట్టాడు. జూన్ చివరికల్లా మార్కెట్ పాత రికార్డును దాటేసింది. పెట్టిన 15 వేలు అక్కడే ఉండిపోయాయి. కానీ ఇప్పుడు 28 వేలెలా అయ్యాయి? అతనికే తెలియదు.

401కె వెబ్‌సైట్లలో రెండు వేర్వేరు సెట్టింగులుంటాయి. ఒకటి, ఇప్పటికే ఉన్న డబ్బును ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కి మార్చడం. రెండోది, ఇకపై జీతంలోంచి వచ్చే డబ్బు ఎక్కడికి వెళ్లాలో చెప్పడం. ఒకటి మారిస్తే రెండోది మారదు. చాలామంది చేసే పొరపాటు, ఉన్న డబ్బు అలాగే వదిలేసి రాబోయేది మార్చి, అంతా మారిందనుకోవడం. ఇతను ఏప్రిల్లో రెండూ మార్చాడు, తర్వాత మర్చిపోయాడు. రెండు వారాలకోసారి, కంపెనీ తన వంతుగా వేసే మ్యాచ్‌తో కలిపి 800 డాలర్లు, పదహారు జీతాలు వరసగా స్టేబుల్ వాల్యూలోకే వెళ్లాయి. అక్కడ 12,800 చేరింది. మార్కెట్ కోలుకున్న నెలలన్నీ అతని కొత్త డబ్బు పక్కనే కూర్చుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. లావాదేవీల పేజీలో చివరి జీతం తాలూకు కొనుగోలు ఏ ఫండ్‌లో జరిగిందో చూస్తే చాలు.

ఇప్పుడు ఏం చేయాలి? పుస్తకంలో ఉండే జవాబు అంతా 2055లోకి మార్చేయమని. నేను అలా చెప్పలేదు. 2008లో షేర్లు 90 శాతం ఉన్న ఫండ్లు దాదాపు మూడో వంతు విలువ పోగొట్టుకున్నాయి. అతని లక్షా 20 వేలు అలా అయితే 80 వేలు. "80 వేలు కనిపించిన రోజు నువ్వు ఏం చేస్తావు?" అని అడిగితే అతను ఆమెవైపు చూశాడు. ఆమే జవాబిచ్చింది: "అమ్మేస్తారండీ. ఏప్రిల్లో రెండు రాత్రులు నిద్రపోలేదు."

ఆ ఒక్క మాటతో నాకు కావాల్సిన సమాచారం వచ్చేసింది. రిస్క్ ప్రశ్నాపత్రంలో అతను 'దూకుడు' అని టిక్ పెట్టాడు, కానీ ఏప్రిల్లో చేతులు వేరే చెప్పాయి, నేను చేతుల్నే నమ్ముతాను. అందుకే నాలుగు ఫండ్లనూ తీసేసి మొత్తం 2045 ఫండ్‌లో పెట్టమన్నాను. ఆ ఫండ్‌కి ఇంకా ఇరవై ఏళ్లుంది, షేర్లు సుమారు 82 శాతం. ఇప్పుడున్న 66 కన్నా చాలా ఎక్కువ, 2055 ఇచ్చే 90 కన్నా తక్కువ. పేరులో ఉన్న సంవత్సరానికి అతను రిటైరవ్వాలని ఏమీ లేదు. అది లోపలి మిశ్రమానికి పెట్టిన లేబుల్ మాత్రమే, ఏ సంవత్సరాన్నైనా ఎంచుకునే హక్కు ఉద్యోగికి ఉంటుంది. పడిపోయే రోజు పట్టుకుని ఉండగలిగే 82, వదిలేసి పారిపోయే 90 కన్నా మేలని నా అభిప్రాయం. ఇంకో ప్లానర్ దీంతో ఏకీభవించకపోవచ్చు, ముప్పై ఏళ్ల కాలంలో ఆ ఎనిమిది శాతం తేడా చిన్నదేం కాదని అంటారు, అందులో తప్పేం లేదు.

దీనికో ధర ఉంది, అది కూడా చెప్పాను. 2045 ఫండ్‌లోనే ఉండిపోతే అతనికి 54 ఏళ్లు వచ్చేసరికి షేర్లు సగానికి వచ్చేస్తాయి, ఇంకా పదేళ్లు పనిచేసే మనిషికి అది తక్కువ. కాబట్టి నలభై దాటాక, అప్పటికి గ్రీన్ కార్డు ఏమైందో, ఇంటి అప్పు ఎంత ఉందో, ఇంకో పతనం వస్తే ఎలా ఉన్నాడో చూసి, 2050కో 2055కో జరగాలి. 401కె లోపల ఫండ్ మార్చినందుకు పన్ను ఏమీ ఉండదు, కాబట్టి ఆ మార్పుకి ఖర్చు లేదు.

ఆమె అకౌంటు కథ వేరు. 60 వేల డాలర్లు, మొత్తం ఒకే 2055 ఫండ్‌లో. చేయి పెట్టలేదు. ఒకే ఫండ్ కాబట్టి బాగానే ఉంది అనుకోవచ్చు, కానీ ఫ్యాక్ట్ షీట్ తెరిస్తే రెండు విషయాలు కనపడ్డాయి. ఒకటి, ఆమె 2055 ఫండ్ వేరే కంపెనీది, అందులో షేర్లు 97 శాతం. అంటే ఒకే సంవత్సరం పేరున్న రెండు ఫండ్లు ఒకటే కావు. ఇది చిన్న విషయం కాదని 2008లో రిటైర్మెంట్‌కి రెండేళ్ల దూరంలో ఉన్నవాళ్లకి బాగా తెలిసొచ్చింది. 2010 పేరున్న ఫండ్లలో కొన్ని ఆ ఏడాది 9 శాతం పోగొట్టుకుంటే, కొన్ని 41 శాతం పోగొట్టుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ, లేబర్ డిపార్ట్‌మెంట్ కలిసి ఈ ఫండ్ల మీద విచారణ పెట్టాయి.

రెండోది ఖర్చు. ఆమె ఫండ్ ఏడాదికి 0.70 శాతం తీసుకుంటోంది. ఇండెక్స్ ఫండ్లతో కట్టిన టార్గెట్ డేట్ ఫండ్లు 0.08, 0.12 దగ్గర దొరుకుతాయి, కానీ ఆమె ప్లాన్‌లో అవి లేవు. 0.70 అంటే ఏముందిలే అనిపిస్తుంది. 60 వేలకి ఇంకో డాలరు కూడా కలపకుండా, ఏటా 6 శాతం పెరుగుతుందనుకుని 31 ఏళ్లు లెక్కేస్తే, 0.08 ఖర్చుతో సుమారు 3 లక్షల 57 వేలు అవుతుంది, 0.70 ఖర్చుతో 2 లక్షల 97 వేలు. తేడా, ఇప్పుడు అకౌంట్లో ఉన్న మొత్తం డబ్బంత. ఆ పెరుగుదల రేటు నా ఊహే, కానీ రేటు ఏదైనా తేడా దాదాపు అదే నిష్పత్తిలో ఉంటుంది.

అదృష్టవశాత్తూ ఆమె ప్లాన్‌లో విడివిడిగా మూడు చవకైన ఇండెక్స్ ఫండ్లున్నాయి: అమెరికా షేర్లు, బయటిదేశాల షేర్లు, బాండ్లు. వాటితోనే 54, 36, 10 పెట్టి టార్గెట్ డేట్ ఫండ్‌ని ఆమె చేత్తో కట్టుకోవచ్చు. ఈ సలహా నేను అతనికి ఎప్పుడూ ఇవ్వను. ఆమెకి ఎందుకిచ్చానంటే, ఇంటి ఖర్చులన్నీ స్ప్రెడ్‌షీట్‌లో రాసే మనిషి, సంవత్సరానికోసారి పుట్టినరోజు నాడు శాతాలు చూసి సరిచేయమంటే చేస్తుంది. ప్లాన్‌లో ఏడాదికోసారి దానంతటదే సరిచేసే ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోమన్నాను, అది ఉంది. కానీ ఆ ఆప్షన్ 54, 36, 10కి తిరిగి తెస్తుందే తప్ప వయసుతోపాటు తగ్గించదు. 40 దాటాక ఏటా ఒకటిన్నర శాతం షేర్లు తగ్గించి బాండ్లలో పెట్టే పని ఆమెదే. అది విసుగనిపించిన రోజు తిరిగి ఫండ్‌కే వెళ్లిపోవచ్చు, ఖరీదైనదే అయినా పట్టించుకోని చవక మిశ్రమం కన్నా నయం.

మధ్యలో అతను, "అయితే బయట బ్రోకరేజ్ అకౌంట్లో కూడా ఇదే 2045 కొనేస్తాను" అన్నాడు. వద్దన్నాను. వ్యాన్‌గార్డ్ 2020 చివర్లో తన సంస్థాగత టార్గెట్ ఫండ్లలో చేరడానికి కనీస మొత్తాన్ని 10 కోట్ల డాలర్ల నుంచి 50 లక్షలకు తగ్గిస్తే, చాలా కంపెనీ ప్లాన్లు మామూలు ఫండ్లలోంచి అటు వెళ్లిపోయాయి. వాళ్లకి డబ్బివ్వడానికి మామూలు ఫండ్లు ఏళ్ల తరబడి పెరిగిన షేర్లు అమ్మాల్సొచ్చింది. 2021లో ఆ లాభాలు మిగిలినవాళ్ల నెత్తిన పడ్డాయి. 401కెలో ఉన్నవాళ్లకి తేడా తెలియలేదు, మామూలు అకౌంట్లో పెట్టుకున్నవాళ్లకి తాము అమ్మని షేర్ల మీద పన్ను బిల్లు వచ్చింది. 2025 జనవరిలో వ్యాన్‌గార్డ్ సుమారు 10.6 కోట్ల డాలర్లు కట్టి ఎస్‌ఈసీతో ఆ కేసు పరిష్కరించుకుంది. ఈ ఫండ్ల చోటు పన్ను వాయిదా ఉన్న అకౌంట్లే.

ఆమె అడిగిన ప్రశ్న ఇంకోటి ఉంది, ఇది ప్రతి ఇంట్లో వచ్చేదే: "అండీ, అయిదేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోతే?" ఫండ్ పేరులోని సంవత్సరం దేశాన్ని బట్టి కాదు, డబ్బు వాడుకునే సంవత్సరాన్ని బట్టి. వెళ్లిపోయినా 401కె ఇక్కడే ఉంచుకోవచ్చు. అరవైలో తీసుకునేదైతే 2045 అనేది అలాగే ఉంటుంది. ఇండియాలో, షరతులకు లోబడి, తీసుకున్నప్పుడే పన్ను కట్టే ఏర్పాటు కూడా ఉంది. వెళ్లగానే మొత్తం తీసి అపార్ట్‌మెంట్ కొనాలనుకుంటే మాత్రం లెక్క వేరు. 59న్నర లోపు తీస్తే ఆదాయపు పన్ను కాక పది శాతం జరిమానా కట్టాలి, ఆ డబ్బు అయిదేళ్లలో కావాల్సిన డబ్బు కాబట్టి 82 శాతం షేర్లలో ఉండకూడదు. ఇద్దరూ అలా తీసేది లేదనే అన్నారు. అది రాసి పెట్టుకున్నాను.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడికీ ఈ లెక్క పనికొస్తుందా అని అడిగారు. ఇండియాలోని ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో ఆటో ఛాయిస్ అంటే ఇదే పద్ధతి. కాకపోతే అది తొందరగా దిగుతుంది: ఎల్‌సీ75 అనే రకంలో 35 ఏళ్ల దాకా ఈక్విటీ 75 శాతం, 55కి 15 శాతం. ఎల్‌సీ50లో 50తో మొదలై 10కి వస్తుంది. వేరే ఏమీ చెప్పకుండా ఆటో ఎంచుకున్నవాళ్లకి ఆనవాయితీగా వచ్చేది ఎల్‌సీ50. అతను ఏ ఆప్షన్‌లో ఉన్నాడో ముందు చూసుకోమన్నాను.

చివర్లో ఇంకో అకౌంటు బయటపడింది, అతను మర్చిపోయినది. మొదటి ఉద్యోగం 2019లో వదిలేసినప్పుడు ఆ 401కెలో 4,300 డాలర్లున్నాయి. వెయ్యికీ అయిదు వేలకీ మధ్య ఉన్న చిన్న బ్యాలెన్సులను, పాత ఉద్యోగి జవాబివ్వకపోతే, ప్లాన్ బయటకు పంపి అతని పేర ఐఆర్‌ఏ అనే వ్యక్తిగత రిటైర్మెంట్ అకౌంటు తెరిచేయొచ్చు. 2024 నుంచి ఆ పైపరిమితి 7 వేలు. అక్కడ డబ్బు, నిబంధనల ప్రకారం, అసలు పోని రకంలోనే పెట్టాలి, కాబట్టి మనీ మార్కెట్లో పడుతుంది. ప్లాన్‌లో ఉన్నప్పుడు టార్గెట్ డేట్ ఫండ్‌లో ఉన్న డబ్బు అలా సున్నా శాతం షేర్లలోకి జారిపోయింది. ఆరేళ్లలో ఎస్ అండ్ పీ రెట్టింపు పైగా అయింది. ఇతని 4,300, ఏటా తీసిన ఫీజులు పోను, 4,500 దగ్గర ఉంది. ఉత్తరాలు పాత అపార్ట్‌మెంట్ అడ్రసుకి వెళ్తున్నాయి.

ఇప్పటి కంపెనీ ప్లాన్ బయటి డబ్బు తీసుకుంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్నాను, తీసుకుంటుంది. చెక్కు అతని పేర కాకుండా కొత్త ప్లాన్ పేర, 'ఫలానా వ్యక్తి కోసం' అని రాయించి తెప్పించాం. చెక్కు తన పేర వచ్చి ఉంటే 60 రోజుల్లో పెట్టలేకపోతే పన్నూ జరిమానా రెండూ పడేవి. ప్లాన్‌లోకి వచ్చిన డబ్బు ఏ ఫండ్‌లో పడాలన్నదానికీ మళ్లీ ఒక విడి సెట్టింగు ఉంది, అది కూడా 2045కి పెట్టించాను. జనవరి చివర్లో, రిటైర్మెంట్ అకౌంట్లోంచి డబ్బు బయటకొచ్చినట్టు చూపే 1099-ఆర్ ఫారం వస్తుందని, కోడ్ జీ అని ఉంటే పన్ను పడదని, అయినా ట్యాక్స్ ఫైలింగ్‌లో రోలోవర్‌గా, అంటే ఒక రిటైర్మెంట్ అకౌంటు నుంచి ఇంకోదానికి మార్చినట్టుగా చూపించాలని చెప్పి, దాని ఫోటో నాకు పంపమన్నాను.